ముక్క తీసే ముందు చెప్పాల్సిన మాటలు

“కడుపులో నీళ్లు తీస్తాం. ముక్క తీసి టెస్టుకి పంపుతాం. ఇక్కడ వేలిముద్ర వెయ్యి.”

పెద్దాసుపత్రి వార్డుల్లో మన వాళ్లకి అందే వివరణ చాలాసార్లు ఇంతే. మూడు వాక్యాలు. మూడోది వివరణ కూడా కాదు, ఆర్డరు. రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ మధ్య కనీసం ఒక పావుగంట మాట్లాడాల్సింది ఉంటుంది. ఈ పోస్టు ఆ పావుగంట గురించి.

ఇది చదువుతున్న మీలో చాలామంది ఇంట్లో మొదటి తరం చదువరులు. ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఫైలు పట్టుకుని వెంట వెళ్లేది మీరే. డాక్టరు ఇంగ్లీషులో అన్నది మంచం మీది మనిషికి అర్థమయ్యేలా చెప్పాల్సిందీ మీరే. నాదీ అదే పని. నా డాక్టరేటు తెలుగు సాహిత్యంలో. కానీ మా వాళ్లకి ఆ తేడా పట్టదు. పేరు ముందు డాక్టర్ అని ఉంది కాబట్టి రిపోర్టులన్నీ నా చేతిలోనే పెడతారు. పోయిన ఏడాది మా పెద్దమ్మ రిపోర్టులు కూడా అలాగే పెట్టారు.

పెద్దమ్మకి యాభై ఆరేళ్లు. జీవితమంతా మిరప చేలల్లో కూలి. రెండు నెలలుగా పొట్ట ఉబ్బుతూ వచ్చింది. కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి. సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడేది. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ అని నెల రోజులు మందులిచ్చాడు. ఆ తర్వాత సీటీ స్కాన్ తీయిస్తే రిపోర్టులో మూడు సంగతులు కనిపించాయి. కడుపులో నీరు చేరింది. పేగుల మీద ఉండే కొవ్వు పొర మందమయింది. రక్తంలో సీఏ 125 అనే పదార్థం ఉండాల్సింది 35 లోపు, ఈమెకి 410 ఉంది. రిపోర్టు చివర, అండాశయ క్యాన్సర్ పాకి ఉండొచ్చు, టీబీ కూడా కావచ్చు, ముక్క పరీక్షతో సరిచూసుకోవాలి అని రాశారు.

ఇంటికి చేరేసరికి ఆ వాక్యంలోంచి ‘క్యాన్సర్’ ఒక్కటే మిగిలింది. బంధువులు చూడటానికి రావడం మొదలుపెట్టారు, అప్పుడే పోయిన మనిషిని చూడ్డానికి వచ్చినట్టు.

ఇక్కడ ఆగి ఒక సంగతి తెలుసుకోవాలి. కడుపులో టీబీ, అండాశయం నుంచి పాకిన క్యాన్సర్, ఈ రెండూ స్కాన్‌లో ఒకదాన్నొకటి అచ్చుగుద్దినట్టు పోలి ఉండగలవు. రెండింటిలోనూ నీరు చేరుతుంది. రెండింటిలోనూ కొవ్వు పొర రొట్టెలా గట్టిపడుతుంది. రెండింటిలోనూ మనిషి చిక్కిపోతుంది. సీఏ 125 అనేది క్యాన్సర్ కణం ఒక్కటే చేసేది కాదు. కడుపు లోపలి పొరకి ఏ వాపు వచ్చినా అది పెరుగుతుంది. టీబీలో కూడా వందల్లోకి వెళ్తుంది. అంటే ఫొటో ఎంత బాగా వచ్చినా, ఎంత అనుభవమున్న డాక్టరు చూసినా, ఆ రెండింట్లో ఏదో ఖాయంగా చెప్పలేరు. ఒకదానికి ఆరు నెలల మాత్రలు. ఇంకొకదానికి పెద్ద ఆపరేషను, కీమోథెరపీ. పొరపాటున టీబీ మనిషికి పొట్ట కోసినా నష్టమే, క్యాన్సర్ మనిషికి టీబీ మాత్రలు మింగిస్తూ నెలలు గడిపినా నష్టమే. అందుకే ముక్క కావాలి.

ఆ ముక్క తీసేది ఆపరేషన్ థియేటర్లో సర్జన్ కాదు. స్కాన్ తెర మీద సూదిని చూసుకుంటూ పనిచేసే డాక్టర్లు వేరే ఉంటారు. వాళ్లని ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు అంటారు. కోత ఉండదు, కుట్లు ఉండవు, మత్తిచ్చి నిద్రపుచ్చడం చాలామందికి అక్కర్లేదు. పొట్టలో చిన్న బెజ్జాలు పెట్టి కెమెరాతో చూసి ముక్క తీసే లాప్రోస్కోపీ పద్ధతీ ఉంది. కానీ దానికి పూర్తి మత్తు కావాలి. సూదితో సరిపోయే చోట ముందు సూదితోనే ప్రయత్నిస్తారు.

ఆ రోజు పొద్దున వార్డులో ఒక ఫారం తెచ్చారు. మొత్తం ఇంగ్లీషు. అందులో ఒక లైను, రోగికి ఆమె మాతృభాషలో అన్నీ వివరించామని. అప్పటికి ఎవరూ ఏమీ వివరించలేదు. పైగా ఆ కుర్రాడు నావైపు చూసి, “మేడమ్, మీరు చదువుకున్నారు కదా, మీరు సంతకం పెట్టెయ్యండి, తొందరగా అయిపోద్ది” అన్నాడు. పెద్దమ్మ తెలివిలో ఉంది, మాట్లాడుతోంది, ఒళ్లు ఆమెది. నేను పెట్టను, చేసే డాక్టరు వచ్చి ఆమెకి చెప్పాక ఆమే పెడుతుంది అన్నాను. కొంచెం చిరాకు పడ్డాడు గానీ వెళ్లి చెప్పాడు.

కింద స్కానింగ్ గదిలో ఆ పని చేసే డాక్టరు నలభై ఏళ్ల ఆవిడ. స్టూలు లాక్కుని పెద్దమ్మ మొహానికి ఎదురుగా కూర్చుంది. “చూడండమ్మా, మీకు ఏమేం భయాలున్నాయో ముందు అవి చెప్పండి. తర్వాత నేను చెప్తాను” అంది. వార్డులో పొద్దుటి నుంచి ‘నువ్వు’ అనిపించుకున్న మనిషి ‘మీరు’ అనే మాట విని నావైపు చూసింది. తర్వాత అడగడం మొదలుపెట్టింది.

మొదటి ప్రశ్న, “సూది గుచ్చితే అది ఒళ్లంతా పాకుద్దంట గదమ్మా?”

మన ఊళ్లలో చాలామంది ముక్క పరీక్షకి ఒప్పుకోకుండా తిరిగొచ్చేది ఈ మాట వల్లే. డాక్టరు దాన్ని కొట్టిపారెయ్యలేదు. సూది వెళ్లిన దారిలో కణాలు అంటుకోవడం అనేది ఉంది, అది అరుదు అంది. ఎక్కడ ఆ ప్రమాదం లెక్కలోకి తీసుకుంటారో కూడా చెప్పింది. గడ్డ అండాశయం లోపలే ఉండి బయటికి రాకపోతే దాన్ని సూదితో పొడవరు. పొడిస్తే లోపల చిట్లి బయటికి చిందొచ్చు. అలాంటప్పుడు గడ్డని చిట్లకుండా మొత్తంగా తీస్తారు. “మీకు అలా కాదు. జబ్బు ఏదైనా సరే, అది ఇప్పటికే కొవ్వు పొర మీదికి వచ్చి ఉంది. నేను గుచ్చేది ఆ పొరని. నా సూది దాన్ని కొత్తగా పాకించేదేమీ లేదు. అది ఏంటో చెప్తుంది, అంతే.”

కొవ్వు పొర అంటే పెద్దమ్మకి అర్థం కాలేదు. నేను కలగజేసుకుని, మేక పొట్ట కోసినప్పుడు పేగుల మీద వలలాగా తెల్లగా పరుచుకుని ఉంటుందే, అది మనిషికీ ఉంటుంది అన్నాను. “ఓ, అదా!” అంది. దాన్ని ఎన్నో వందల సార్లు చేత్తో తీసిన మనిషి. పుస్తకంలో బొమ్మ కంటే ఆమెకి అదే తెలుసు.

రెండో ప్రశ్న, “నీళ్లు తీస్తే బలమంతా పోద్దంట. మళ్లా ఊరుద్దంట. ఇంక తీసేదెందుకు?”

రెండు మాటల్లోనూ కొంత నిజముంది. ఆ నీటిలో ప్రొటీను ఉంటుంది. లివర్ గట్టిపడిన రోగుల దగ్గర ఒకేసారి ఐదు లీటర్లకి మించి తీస్తే బీపీ పడిపోకుండా, కిడ్నీ దెబ్బతినకుండా, ఆల్బుమిన్ అనే ప్రొటీను నరంలోకి ఎక్కిస్తారు. పెద్దమ్మ లివర్ బాగుంది, తీసేది మూడు లీటర్ల దాకానే. అది కూడా మెల్లగా, మధ్యమధ్యలో బీపీ చూస్తూ. ఇక మళ్లీ ఊరడం సంగతి. కారణానికి మందు పడేదాకా ఊరుతుంది. నీళ్లు తీయడం జబ్బుకి వైద్యం కాదు. కానీ దానికి రెండు ప్రయోజనాలున్నాయి. ఊపిరి ఆడుతుంది, తిండి కాస్త దిగుతుంది. రెండోది, ఆ నీరే ఒక సాక్ష్యం. దాన్ని ల్యాబుకి పంపితే ఏ రకం కణాలున్నాయో, ప్రొటీను ఎంత ఉందో, ఏడీఏ అనే ఎంజైము ఎంత ఉందో చెప్తారు. ఈ ఏడీఏ దాదాపు 40 దాటితే కడుపు టీబీ వైపు మొగ్గుతారు.

అలాంటప్పుడు నీళ్ల పరీక్ష ఒక్కటే సరిపోదా అని నేను అడిగాను. సరిపోదట. నీళ్లలో క్యాన్సర్ కణాలు కనపడితే అది క్యాన్సరే. కనపడకపోతే మాత్రం క్యాన్సర్ లేదని కాదు. కణాలు నీళ్లలోకి రాలకుండా పొరకే అంటుకుని ఉండొచ్చు. టీబీ క్రిమి కూడా నీళ్లలో చాలా తక్కువగా ఉంటుంది. టీబీ ఉన్నా నీళ్ల మీద చేసిన సీబీనాట్ పరీక్షలో చాలాసార్లు లేదనే వస్తుంది. రిపోర్టులో ‘లేదు’ అన్న మాటకీ ‘దొరకలేదు’ అన్న మాటకీ చాలా తేడా ఉంది. ఫైలు పట్టుకుని తిరిగే మనం ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

మూడో ప్రశ్న అడగడానికి పెద్దమ్మ కాసేపు తటపటాయించింది. గదిలో ఇద్దరు కుర్ర డాక్టర్లు నిలబడి ఉన్నారు. వాళ్లవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, “పేదోళ్ల మీదేగా నేర్చుకునేది? నా మీద నేర్చుకుంటారా?” అంది.

ఈ ప్రశ్న మనవాళ్ల మనసుల్లో ఎప్పుడూ ఉంటుంది. బయటికి రాదు. ఎవరి శరీరాల మీద నేర్చుకున్న చదువు ఎవరికి వైద్యంగా అందుతుంది అన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ డాక్టరు మొహం మాడ్చుకోలేదు. “అవునమ్మా, ఇది పీజీలు నేర్చుకునే ఆసుపత్రి. మీ పని నేను చేస్తాను. వీళ్లు పక్కన చూస్తారు. వద్దంటే ఇద్దరినీ బయటికి పంపిస్తాను. అందువల్ల మీ వైద్యంలో ఏ తేడా రాదు” అంది. పెద్దమ్మ ఒక్క క్షణం ఆలోచించి, “చూడనీలే అమ్మా. రేపు ఇంకొకరికి చెయ్యొద్దా” అంది. ఆ అనుమతి ఇవ్వడానికి ఆమెకి అధికారం ఉందని ముందు ఎవరో గుర్తించారు కాబట్టే అది అనుమతి అయింది.

ఇక ముందు చూసుకోవాల్సినవి. రక్తం గడ్డకట్టే గుణం ఎలా ఉందో ముందే పరీక్ష చేస్తారు. ఇలాంటి ముక్క పరీక్షకి ప్లేట్‌లెట్లు యాభై వేలకి పైన ఉండాలని చూస్తారు. పెద్దమ్మకి రెండు లక్షల పైనే ఉన్నాయి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడుగుతారు. గుండెకి స్టెంట్ వేయించుకున్న వాళ్లు వాడే క్లోపిడోగ్రెల్ లాంటివి కొన్ని రోజుల ముందు ఆపాల్సి రావొచ్చు. అయితే మనంతట మనం ఆపకూడదు. స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. గుండె డాక్టరూ ఈ డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి. ఒంటినొప్పులకి ఆర్ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లు, షాపులో కొన్న బిళ్లలు కూడా చెప్పాలి. వాటిలో కొన్ని ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తాయి. ఇంతకుముందు ఏ మందైనా పడకపోతే అదీ చెప్పాలి. ఎన్ని గంటలు తినకుండా ఉండాలో కూడా వాళ్లనే అడగాలి. పెద్దమ్మని ఆరు గంటలు ఏమీ తినొద్దన్నారు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో వరసగా చెప్తాను.

ముందు వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద చల్లటి జెల్ రాసి అల్ట్రాసౌండ్‌తో చూశారు. గర్భిణులకి చూసే స్కానింగే ఇది. శబ్ద తరంగాలే, రేడియేషన్ ఉండదు. తెర మీద నీరు నల్లగా కనపడుతుంది, పేగులు అందులో కదులుతుంటాయి. తర్వాత ఒక బటన్ నొక్కితే ఎరుపు, నీలం రంగులు వచ్చాయి. పెద్దమ్మ ఉలిక్కిపడింది. అది రక్తం కారడం కాదు. రక్తనాళాలు ఎక్కడున్నాయో, రక్తం ఎటు పారుతోందో చూపించే రంగులు. పొట్ట గోడలో రెండు వైపులా నిలువుగా ఒక్కో ధమని ఉంటుంది. దానికి దూరంగా, పక్కకి జరిగి చోటు ఎంచుకుంటారు. కళ్లు మూసుకుని గుచ్చడానికీ చూస్తూ గుచ్చడానికీ తేడా ఇక్కడే ఉంది. పేగు ఎక్కడుందో, నాళం ఎక్కడుందో, సూది మొన ఎక్కడుందో మూడూ ఒకే తెర మీద కనపడతాయి. ఊపిరితిత్తి లోపల ఉన్న గడ్డలాంటివి అల్ట్రాసౌండ్‌కి కనపడవు. మధ్యలో గాలి అడ్డం. వాటికి సీటీ యంత్రంలో పడుకోబెట్టి, సూదిని కొంచెం కొంచెం జరుపుతూ మళ్లీ మళ్లీ ఫొటో తీసి చూస్తారు.

చర్మాన్ని మందుతో శుభ్రం చేసి, మధ్యలో రంధ్రమున్న గుడ్డ కప్పారు. తర్వాత తిమ్మిరి ఇంజెక్షను. ఆ రోజు మొత్తంలో ఎక్కువ నొప్పి ఇదే. లిగ్నోకెయిన్ లోపలికి వెళ్లేటప్పుడు పది పదిహేను క్షణాలు నిప్పు అంటించినట్టు మండుతుంది, తర్వాత మొద్దుబారుతుంది. పొట్టలో నొప్పి బాగా తెలిసే చోట్లు రెండు. పైన చర్మం, లోపల పొట్ట గోడకి అస్తరులా ఉండే పలచటి పొర. అందుకే మందుని ఆ లోపలి పొర దాకా పట్టిస్తారు. ఆ తర్వాత కొవ్వు పొరలో సూది తిరిగినా నొప్పి పెద్దగా తెలియదు, ఒత్తిడి తెలుస్తుంది. “నొక్కినట్టు ఉంటే భరించండి. పొడిచినట్టు ఉంటే నోటితో చెప్పండి, ఇంకొంచెం మందు వేస్తాను. చెయ్యి మాత్రం ఎత్తొద్దు” అని డాక్టరు ముందే చెప్పింది. చెయ్యి ఎత్తితే శుభ్రం చేసిన చోటుకి తగులుతుంది, సూదీ కదులుతుంది.

ముందు నీళ్లు. సన్నటి గొట్టం ఒకటి పెట్టారు. దాని చివర లోపలికి వెళ్లాక పంది తోకలా చుట్ట చుట్టుకుంటుంది. పేరు కూడా అదే, పిగ్‌టెయిల్. పెద్దమ్మకి చెప్తే భయం మరిచి నవ్వింది. చుట్ట చుట్టుకోవడం వల్ల అది జారి బయటికి రాదు, పేగుని పొడవదు. గొట్టం లావు మూడు మిల్లీమీటర్ల లోపే. మొదట వచ్చిన నీళ్లు సీసాల్లో ల్యాబుకి పట్టారు. మిగతావి సంచిలోకి వదిలారు. తేనె రంగులో ఉన్నాయి. గంటన్నరలో మూడు లీటర్లు వచ్చాయి. పొట్ట మెత్తబడి, కొవ్వు పొర పొట్ట గోడకి దగ్గరగా వచ్చింది. ముక్క తీయడానికి అదీ సదుపాయమే.

తర్వాత ముక్క. బయాప్సీ గన్ అనే పేరు వినగానే ఎవరికైనా గుండె జారుతుంది. అందులో తూటా ఉండదు, స్ప్రింగు ఉంటుంది. సూది లావు మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ. దాని పక్కన ఒక చిన్న గాడి ఉంటుంది. సూది లోపలికి వెళ్లాక ఆ గాడిలోకి కండ దిగుతుంది. స్ప్రింగు వదలగానే పైనున్న తొడుగు దూసుకొచ్చి దాన్ని కోసి లోపలే బంధిస్తుంది. స్టాప్లర్ కొట్టినట్టు ‘టక్’మంటుంది. డాక్టరు ఆ శబ్దాన్ని ముందే బయట గాలిలో ఒకసారి వినిపించింది. ఈ ఒక్క పని వల్ల చాలా మేలు. తెలియకుండా టక్‌మంటే మనిషి ఎగిరిపడుతుంది. ‘ఊపిరి బిగబట్టండి’ అన్నప్పుడు బిగబట్టడం కూడా ముందే రెండుసార్లు చేయించింది. ఊపిరి తీసినప్పుడల్లా కడుపులో అవయవాలు పైకీ కిందకీ జరుగుతాయి. గురి పెట్టింది కదలకుండా ఉండాలంటే ఆ నాలుగు క్షణాలు రోగి సాయం కావాలి. అక్కడ రోగి కూడా పనిలో సగం.

బయట ఒక సూది గొట్టంలా అలాగే ఉంటుంది, దాని లోపలి నుంచి ముక్క తీసే సూది వెళ్లి వస్తుంది. అందువల్ల ముక్కలు ఎన్ని తీసినా చర్మానికి బెజ్జం ఒకటే. పెద్దమ్మకి ఐదుసార్లు టక్‌మంది. వచ్చిన ముక్కలు సేమ్యా పోగంత సన్నం, సెంటీమీటరున్నర పొడవు. “ఇంతేనా? ఇందుకా ఇంత భయపడింది?” అంది పెద్దమ్మ.

మిత్రులారా, ఈ పోస్టులో ఒక్క సంగతే గుర్తుంచుకుంటారంటే ఇది గుర్తుంచుకోండి. ఆ ముక్కలు ఏ సీసాలో వేస్తున్నారు?

ముక్క కుళ్లకుండా, ఆకారం చెడకుండా ఫార్మలిన్‌లో వేస్తారు. మైక్రోస్కోపు కింద చూడటానికి అదే సరైనది. కానీ ఫార్మలిన్ క్రిమిని చంపేస్తుంది. చచ్చిన క్రిమిని ల్యాబులో పెంచలేరు. ముక్కలన్నీ ఫార్మలిన్‌లోనే వేస్తే, టీబీ క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకి దారి మూసుకుపోతుంది. ఆ క్రిమి ఏ మందుకి లొంగుతుందో, ఏ మందుకి లొంగదో పూర్తిగా తేల్చేది కల్చరే. అందుకే టీబీ అనుమానం ఉన్నప్పుడు ఒకటో రెండో ముక్కలు విడిగా శుభ్రమైన సెలైన్ సీసాలో వేసి సీబీనాట్‌కీ కల్చర్‌కీ పంపాలి. ఇది ఎవరి దురుద్దేశం వల్లా జరిగే తప్పు కాదు. రోజూ క్యాన్సర్ ముక్కలు తీసే గదిలో చెయ్యి అలవాటుగా ఫార్మలిన్ సీసా మీదికే వెళ్తుంది. ఒకసారి అందులో పడ్డాక వెనక్కి తీసుకోలేం, మళ్లీ సూది పొడిపించుకోవాలి. “మేడమ్, సెలైన్‌లో కూడా ఒక ముక్క వేస్తున్నారా?” అని అడిగితే ఏ డాక్టరూ తప్పు పట్టదు. నేను అడగకముందే ఆవిడ పీజీ చేతికి రెండు సీసాలిచ్చింది. రెండింటి మీదా పేరు, వయసు, ఐపీ నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో పెద్దమ్మకి చదివి వినిపించమంది. ఒకే పేరున్న మనుషులు ఒకే వార్డులో ఇద్దరు ముగ్గురు ఉంటారు మరి.

పని అయ్యాక గొట్టం తీసేసి ప్లాస్టరు వేశారు. కొంతమందికి, ముఖ్యంగా లోపల చీము పట్టిన వాళ్లకి, గొట్టాన్ని కొన్ని రోజులు ఉంచుతారు. అప్పుడు రోజుకి ఎంత వచ్చిందో రాసుకోవాలి. ఒక్కసారిగా రావడం ఆగిపోతే జబ్బు తగ్గిందనుకోకూడదు, గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు, వెళ్లి చూపించాలి.

తర్వాత నాలుగు గంటలు మంచం మీదే. ఇక్కడ కాపలా మనదే. సూది గుచ్చిన చోట కొంచెం నొప్పి, ప్లాస్టరు మీద రూపాయి బిళ్లంత మరక, రెండు మూడు రోజులు నీరు చెమర్చడం మామూలే. పెద్దగా రక్తం కారడం వందలో ఒకరికి కూడా ఉండదు. ఆ ఒక్కరు మన మనిషైతే ఎలా తెలుస్తుందో చెప్తాను. రక్తం బయటికి కనపడదు, లోపల కారుతుంది. నాడి వేగంగా కొట్టుకోవడం మొదలవుతుంది. చల్లటి చెమట, కళ్లు తిరగడం. పొట్ట మళ్లీ బిగుసుకోవడం. ఒక వింత గుర్తు, భుజం నొప్పి. సూది గుచ్చింది పొట్టలో, నొప్పి భుజంలో ఏంటని కొట్టిపారేయకండి. కారిన రక్తం ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం పొరని తాకితే, ఆ నరం మెడ దగ్గర నుంచి వచ్చేది కాబట్టి, మెదడు ఆ నొప్పిని భుజం లెక్కలో వేస్తుంది. ఇందులో ఏది కనిపించినా నర్సుని పిలవాలి, రేపటిదాకా ఆగకూడదు. ఇంటికెళ్లాక చలిజ్వరం, పెరిగే పొట్ట నొప్పి, గుచ్చిన చోట చీము వస్తే అదీ ఆగాల్సిన పని కాదు.

మొదట నీళ్ల రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కణాలు కనపడలేదు, ఏడీఏ 62. బంధువుల్లో సగం మంది అప్పుడే పండగ చేసుకున్నారు. నేను చేసుకోలేదు, ‘దొరకలేదు’ అన్న మాట గుర్తుంది కాబట్టి. ఏడో రోజు ముక్క రిపోర్టు వచ్చింది. మైక్రోస్కోపు కింద గ్రాన్యులోమాలు కనిపించాయి, అంటే క్రిమిని ఒంటి కణాలు ముట్టడించి కట్టిన చిన్న చిన్న గూళ్లు. వాటి మధ్య కండ చచ్చి జున్నులా మారి ఉంది. టీబీకి అది గట్టి గుర్తు. సెలైన్ సీసాలోని ముక్క మీద సీబీనాట్ కూడా టీబీ అనే చెప్పింది, రిఫాంపిసిన్ మందుకి లొంగే రకమని కూడా చెప్పింది. కల్చర్ ఫలితానికి ఆరు వారాల దాకా పడుతుంది, అంతవరకు ఆగకుండా ఆ రోజే మందులు మొదలుపెట్టారు. ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చే ఆరు నెలల మాత్రలు.

ఇది ఇక్కడ ఆపేస్తే అద్భుతం కథ అయిపోతుంది. అదే వారం పక్క మంచం మీద ఇంకో ఆమె ఉంది. అదే పొట్ట, అదే స్కాన్, దాదాపు అదే రిపోర్టు. ఆమె ముక్కలో క్యాన్సర్ వచ్చింది. ఆ ముక్క ఆమెకి పనికిరాకుండా పోలేదు. ఏ అవయవం నుంచి మొదలైందో ఆ కణాలకి రంగులద్ది చెప్పగలిగారు, దాన్నిబట్టి ఏ కీమో ఇవ్వాలో నిర్ణయించారు. మంచి వార్త కోసం చేసేది కాదు ముక్క పరీక్ష. సరైన మందు కోసం చేసేది. కొన్నిసార్లు ముక్క చాలలేదనో, చచ్చిన కండే వచ్చిందనో రిపోర్టు వస్తుంది. అప్పుడు మళ్లీ తీయాలి. ఆ సంగతి కూడా ముందే చెప్పి ఉంటే రెండోసారి పిలిచినప్పుడు ‘మొదటిసారి చెడగొట్టారు’ అనిపించదు.

చివరగా సంతకం. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ వర్సెస్ డాక్టర్ ప్రభా మంచందా కేసులో తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం ఇచ్చిన ఒప్పుదల వైద్యానికి ఇచ్చిన ఒప్పుదల కాదని చెప్పింది. ఆ కేసులో లాప్రోస్కోపీతో చూడటానికి ఒప్పుకున్న మనిషికి, మత్తులో ఉండగా తల్లి చేత ఒప్పుదల తీసుకుని గర్భసంచి తీసేశారు. ఆమె మేజరు, ప్రాణాపాయం లేదు, మెలకువ వచ్చేదాకా ఆగొచ్చు, కాబట్టి తల్లి ఒప్పుదల చెల్లదంది కోర్టు. ఒప్పుదల తీసుకునే ముందు ఏం చేస్తారు, ఎందుకు, వేరే దారి ఏముంది, పెద్ద ప్రమాదాలేంటి, వద్దంటే ఏమవుతుంది అన్నవి రోగికి తగినంతగా చెప్పాలంది. కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చదువుకున్నాం కదా అని తెలివిలో ఉన్న మనిషి బదులు మనం సంతకం పెట్టకూడదు. మన చదువు ఆమెకి అర్థమయ్యేలా చెప్పడానికి, ఆమె స్థానంలో కూర్చోవడానికి కాదు.

ఈసారి ఎవరికైనా తోడు వెళ్తే ఫారం మీద చెయ్యి పడకముందు ఇవి అడగండి. ఎక్కడి నుంచి తీస్తారు, అక్కడే ఎందుకు? రక్తం పరీక్షలు చూశారా, ఆపాల్సిన మందులున్నాయా? చేసేది ఎవరు? ముక్కలు ఏ ఏ సీసాల్లో, ఏ ఏ పరీక్షలకి వెళ్తాయి? రాత్రి ఏదైనా అయితే ఎవరిని పిలవాలి? రిపోర్టు ఏ రోజు, ఏ గదిలో ఇస్తారు? జవాబులు కాగితం మీద తెలుగులో రాసి, పడుకున్న మనిషికి చదివి వినిపించండి. ఆమె ఇంకేదైనా అడుగుతుందేమో ఆగండి. ఆ తర్వాతే వేలిముద్ర.